సెలవు ఫారంలో తిరిగొచ్చే తేదీ ఏమని రాయాలి?

గౌరవనీయులైన భారత విదేశాంగ శాఖ మంత్రి డాక్టర్ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారం.

నేను అమెరికాలో హెచ్-1బి వీసా మీద పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మా కంపెనీలో సెలవు కావాలంటే పోర్టల్లో ఒక ఫారం నింపాలి. వెళ్లే తేదీ, మళ్లీ పనిలో చేరే తేదీ, కారణం అని మూడే గడులుంటాయి. రెండో గడి ఖాళీగా వదిలేస్తే ఫారం ముందుకు కదలదు. పాస్‌పోర్ట్‌లో కొత్త వీసా స్టాంప్ వేయించుకోవడానికి ఇండియాకి రావాలనుకునే మేమంతా ఆగిపోయేది ఆ రెండో గడి దగ్గరే. ఆ గడి గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను. మీరు అమెరికాలో భారత రాయబారిగా పనిచేసినవారు కాబట్టి ఇందులోని కష్టం మీకు త్వరగా అర్థమవుతుందని నా నమ్మకం.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు తీరిపోయినా, హెచ్-1బి ఆమోదపత్రమైన ఐ-797, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 చెల్లుబాటులో ఉన్నంతకాలం అమెరికాలో ఉండి ఉద్యోగం చేసుకోవచ్చు. స్టాంప్ కావాల్సింది దేశంలోకి అడుగుపెట్టడానికే. అంటే అమ్మని చూడటానికి ఒక్కసారి ఇండియాకి వచ్చామా, కొత్త స్టాంప్ పడేదాకా తిరిగి వెళ్లలేం. ఇదివరకు ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో కాగితాలిస్తే చాలామందికి పని అయిపోయేది. 2025 సెప్టెంబర్ 2 నుంచి హెచ్-1బి వాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. అదే నెలలో, వీసాకి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో మాత్రమే దరఖాస్తు చేసుకోవాలన్న నిబంధన వచ్చింది. పక్కనున్న కెనడాకో మెక్సికోకో వెళ్లి వారంలో స్టాంప్ వేయించుకుని వచ్చే పద్ధతీ దాంతో పోయింది. అమెరికాలో మనకి స్టాంప్ వేయరు కాబట్టి ఇక మిగిలింది ఇండియా ఒక్కటే.

2025 డిసెంబర్ 18, గురువారం నాడు నాకు ఇంటర్వ్యూ స్లాట్ దొరికింది. 15న వేలిముద్రలు, ఫొటో. అప్పుడు మా మేనేజర్‌కి సెలవు అడుగుతూ ఒక మెయిల్ రాశాను. అదేదో గాలివాటంగా రాసింది కాదు, రెండు రాత్రులు కూర్చుని లెక్కవేసి రాసింది. అందులో ఉన్నది ఇది:

"డిసెంబర్ 6 శనివారం బయల్దేరుతున్నాను. 18న ఇంటర్వ్యూ. ఆ తర్వాత పాస్‌పోర్ట్ చేతికి రావడానికి వారం పడుతుందని అనుకుంటున్నాను. అంతా సవ్యంగా జరిగితే 29న పనిలో చేరతాను. దీనికి 14 పనిదినాల సెలవు కావాలి. ఒకవేళ కాన్సులేట్ అదనపు కాగితాలు అడిగినా, పాస్‌పోర్ట్ ఆలస్యమైనా జనవరి 9 దాకా మరో 9 పనిదినాలు బఫర్‌గా అడుగుతున్నాను. అవసరం లేకపోతే వాటిని వాడుకోను. నా దగ్గర జీతంతో కూడిన సెలవు 16 రోజులుంది, మిగిలిన 7 రోజులు జీతం లేకుండా తీసుకుంటాను. నా పనిని ఎవరు చూస్తారో కింద రాశాను. ఇంటర్వ్యూ అయిన రోజే ఫలితం మీకు తెలియజేస్తాను."

మేనేజర్ ఒక్క ప్రశ్న అడిగాడు. "తొమ్మిది రోజులే ఎందుకు?" నా దగ్గర జవాబుంది. ఇంటర్వ్యూలో 221(జి) స్లిప్ చేతిలో పెడితే, అంటే ఇంకేదో కాగితం కావాలనో, ఇంకా పరిశీలించాలనో ఆపితే, మామూలు కాగితాల విషయమైనంతవరకు ఒకటి రెండు వారాల్లో తేలిపోవడం నా తోటివాళ్ల విషయంలో చూశాను. ఇంకో మాట కూడా ముందే చెప్పి ఉంచాను. 221(జి) పడితే స్టేటస్ చూసే వెబ్‌సైట్‌లో Refused అని కనిపిస్తుంది. దాని అర్థం వీసాని పూర్తిగా తిరస్కరించారని కాదు, ప్రస్తుతానికి ఆగిందని. ఇది ముందుగా చెప్పకపోతే, హెచ్‌ఆర్ వాళ్లు ఆ ఒక్క మాట చూసి ఉద్యోగి ఇక రాడని అనుకునే ప్రమాదం ఉంది. మేనేజర్ సెలవు మంజూరు చేశాడు.

నేను 8న దిగాను. 10వ తేదీ ఉదయం మెయిల్ వచ్చింది. హెచ్-1బి, వాళ్ల కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4 వీసాల దరఖాస్తుదారుల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించే నిబంధన డిసెంబర్ 15 నుంచి అమల్లోకి వస్తోందట, అందువల్ల నా ఇంటర్వ్యూని 2026 మార్చి 18కి మార్చారట. పాత తేదీన వస్తే లోపలికి రానివ్వరట. అమ్మ వంటింట్లోంచి "ఏమైందిరా?" అని అడిగింది. నేను ఫోన్‌లో క్యాలెండర్ తెరిచి వేళ్లమీద లెక్కపెడుతున్నాను. డిసెంబర్ 18 నుంచి మార్చి 18 దాకా సరిగ్గా 90 రోజులు. నేను అడిగి తెచ్చుకున్న బఫర్ 9 పనిదినాలు.

అయ్యా, నా బాధంతా ఇక్కడే ఉంది. పరిశీలన చేయొద్దని నేను అనడం లేదు. తన దేశంలోకి ఎవరిని రానివ్వాలో నిర్ణయించుకునే హక్కు ఏ దేశానికైనా ఉంటుంది. కానీ ఆలస్యాల్లో రెండు రకాలున్నాయి. ఇంటర్వ్యూ అయ్యాక వచ్చే ఆలస్యానికి అనుభవం మీద ఒక అంచనా వేసుకోవచ్చు. దానికి బఫర్ పెట్టుకోవచ్చు, యజమానికి చెప్పి ఒప్పించవచ్చు. ఇంటర్వ్యూకి ముందే, మనిషి విమానం దిగాక స్లాట్‌ని మూడు నెలలు జరిపితే దానికి ఏ బఫరూ చాలదు. ముందుజాగ్రత్తగా 90 రోజుల సెలవు ఏ ఉద్యోగి అడగగలడు? అడిగితే మాత్రం ఏ యజమాని ఇస్తాడు?

ఇండియా నుంచే పని చేయొచ్చు కదా అని నన్ను చాలామంది అడిగారు. మా కంపెనీ కుదరదంది. క్లయింట్ డేటా అమెరికా దాటి వెళ్లకూడదని ఒప్పందం ఉంది. పైగా ఇక్కడ కూర్చుని నెలల తరబడి పనిచేస్తే ఇండియాలో పన్ను, పేరోల్ చిక్కులొస్తాయని వాళ్ల భయం. వాళ్ల మాటలో న్యాయముందని ఒప్పుకుంటాను. దాంతో జనవరి 9 తర్వాత నేను జీతం లేని సెలవులో పడ్డాను. అక్కడ అద్దె ఆగలేదు, కారు లోన్ ఆగలేదు. బడి పోతుందని నా భార్యని, కూతురిని అక్కడే వదిలి వచ్చాను. ఆ మూడు నెలలూ మా అమ్మాయి రోజూ వీడియో కాల్‌లో "నాన్నా, ఇంకా ఎన్ని రోజులు?" అని అడిగేది. తనకి చెప్పడానికి కూడా నా దగ్గర తేదీ లేదు, ఎందుకంటే మార్చి 18 అయినా నిలుస్తుందో లేదో తెలియదు. జనవరి చివర్లో నా ప్రాజెక్ట్ ఇంకొకరికి వెళ్లిపోయింది. ఉద్యోగం నిలబడిందంటే అది మా మేనేజర్ మంచితనం. అంత మంచి మేనేజర్ లేని వాళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

దేశం బయట గడిపిన రోజులను హెచ్-1బి ఆరేళ్ల పరిమితిలోంచి మినహాయించమని అడగొచ్చు. ఆ 90 రోజులు అలా నాకు తిరిగి రావచ్చు కానీ, ఆ 90 రోజుల జీతం రాదు.

ఇంటర్వ్యూ తేదీల విషయాన్ని అమెరికా దృష్టికి తీసుకెళ్లామని మన విదేశాంగ శాఖ డిసెంబర్ చివర్లో చెప్పింది. ఆ వార్త విన్నరోజు కాస్త ధైర్యం వచ్చింది, దానికి కృతజ్ఞతలు. ఇప్పుడు నేను అడిగేది ఇంకాస్త కచ్చితమైనది. రెండు దేశాల మధ్య కాన్సులర్ చర్చల్లో మూడు విషయాలను పేరు పెట్టి అడగండి.

మొదటిది, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది, స్లాట్‌కి ఒక హద్దు. ఇంటర్వ్యూకి 30 రోజుల లోపు ఉన్న స్లాట్లను రద్దు చేయకూడదు. ఎందుకంటే ఆపాటికి టికెట్ కొనేసి, సెలవు మంజూరు చేయించుకుని ఉంటాం. తప్పనిసరై రద్దు చేస్తే, అప్పటికే ఇండియాకి వచ్చేసినవాళ్లకి ప్రత్యేకంగా ఒక క్యూ పెట్టి రెండు వారాల్లోపు మరో తేదీ ఇవ్వాలి. దేశంలోకి ఎప్పుడు ప్రవేశించామో పాస్‌పోర్ట్ మీద ముద్రే చెబుతుంది కాబట్టి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తేల్చడం కష్టం కాదు. ఈ ఒక్క మాట ఖాయమైతే నా సెలవు లెక్క మళ్లీ కుదురుతుంది. 14 పనిదినాలు, వాటిపై రెండు వారాల రద్దు బఫర్, ఇంకో రెండు వారాల 221(జి) బఫర్. ఎక్కువే, కానీ అడగగలిగినంత.

రెండోది, అమెరికాలోనే రెన్యువల్. 2004 దాకా ఈ పని అక్కడే జరిగేది. 2023 జూన్‌లో మన ప్రధాని పర్యటన సందర్భంగా మళ్లీ మొదలుపెడతామన్నారు. 2024 జనవరి 29న ప్రయోగాత్మకంగా ప్రారంభించి గరిష్ఠంగా 20,000 దరఖాస్తులు తీసుకున్నారు. ఇండియాలో స్టాంప్ వేయించుకున్నవాళ్లలో 2021 ఫిబ్రవరి నుంచి సెప్టెంబర్ మధ్య వీసా వచ్చినవాళ్లకే అవకాశమిచ్చారు. ఆ తర్వాత అది శాశ్వత పద్ధతి కాలేదు. మొత్తం ఒకేసారి తెరవలేకపోతే, స్లాట్ రద్దయినవాళ్లకైనా ముందుగా తెరవమని అడగండి.

మూడోది పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది. ఇలా సామూహికంగా తేదీలు మారినప్పుడు వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం తన లెటర్‌హెడ్ మీద ఒక పేజీ ప్రకటన ఇవ్వాలి. ఫలానా తేదీల మధ్య స్లాట్లు మారాయి, ఇందులో దరఖాస్తుదారు తప్పేమీ లేదు అని ఉంటే చాలు. ఆ డిసెంబర్‌లో నేను మా హెచ్‌ఆర్‌కి చూపించగలిగింది సంతకం లేని ఒక ఆటోమేటిక్ మెయిల్, కొన్ని వార్తల లింకులు. ఒక ప్రభుత్వం రాసిన కాగితం ఆ బల్లమీద పెట్టగలిగితే ఆ సంభాషణ వేరుగా ఉండేది. దాంతోపాటు ఇలా ఇండియాలో ఆగిపోయినవాళ్లు నమోదు చేసుకోవడానికి ఒక చోటు కావాలి. విదేశాల్లో ఉన్న భారతీయుల ఫిర్యాదులకు మదద్ పోర్టల్ ఉంది. మేము స్వదేశంలోనే చిక్కుకుపోయాం కాబట్టి మేమెంతమందిమో ఎవరికీ తెలియదు. ఎంతమందిమో చెప్పగలిగితే చర్చల్లో మీ చేతికి ఒక అంకె ఉంటుంది.

మార్చి 18న నా ఇంటర్వ్యూ నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఏం పని చేస్తారు, జీతమెంత, ఏ క్లయింట్ అని మూడు ప్రశ్నలు. వారం తర్వాత స్టాంప్ ఉన్న పాస్‌పోర్ట్ చేతికొచ్చింది.

నా భార్య స్టాంప్ గడువు కూడా తీరిపోయింది. వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగోలేదు, చూడాలని రోజూ అంటోంది. తన సెలవు ఫారం నిన్న రాత్రి నుంచి మా లాప్‌టాప్‌లో తెరిచి ఉంది. వెళ్లే తేదీ నింపింది. రెండో గడిలో ఏం రాయాలో మీరిచ్చే జవాబు కోసం ఎదురుచూస్తున్నాం.

ఇట్లు,
భవదీయుడు,
అమెరికాలో పనిచేస్తున్న ఒక తెలుగు ఉద్యోగి