జిల్లా విద్యాశాఖాధికారి గారికి: ఆ అయిదు ప్రశ్నల పోస్టరు తీయించండి

శ్రీకాకుళం జిల్లా విద్యాశాఖాధికారి గారికి నమస్కారం.

నేను ఉద్దానంలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఇక్కడి ఒక బడి కంప్యూటర్ గదిలో గోడకు అంటించిన పోస్టరు గురించి రాస్తున్నాను. పైన "ఈ వెబ్‌సైట్‌ను నమ్మవచ్చా?" అని ఉంటుంది. కింద అయిదు ప్రశ్నలు: తాళం గుర్తు ఉందా, చిరునామా చివర .org ఉందా, 'మా గురించి' పేజీ ఉందా, ఫోన్ నంబరు ఇచ్చారా, అచ్చుతప్పులు లేకుండా ఉందా.

మా పక్కింటి అమ్మాయి ఆ బడిలోనే తొమ్మిదో తరగతి. వాళ్ళ తాతకు కిడ్నీలు దెబ్బతిని, క్రియాటినిన్ పెరిగి సోంపేట ఆసుపత్రికి తిరుగుతున్నాడు. మా వైపు ఏ వీధిలో అడిగినా ఇదే కథ, మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. దెబ్బతిన్న కిడ్నీని మళ్ళీ పనిచేయించే పొడి అంటూ ఎవరో వాట్సాప్‌లో ఒక సైట్ పంపారు. 45 రోజుల కోర్సు, 4,800 రూపాయలు. "నిజమేనా చూడవే" అని తాత అంటే, ఆ పిల్ల పోస్టరు ప్రశ్నలన్నీ వరసగా వేసుకుంది. అన్నిటికీ అవుననే జవాబు వచ్చింది. డబ్బు కట్టేశారు. పిల్లది తప్పు కాదండీ, మనం నేర్పినట్టే చేసింది.

తాళం గుర్తుకు అర్థం మన ఫోనుకూ ఆ సైట్‌కూ మధ్య వెళ్ళే సమాచారం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. .org పేరు డబ్బు కట్టిన ఎవరికైనా దొరుకుతుంది. ఇక 'మా గురించి' పేజీ రాసేది వాళ్ళే. దొంగను పట్టుకుని "నువ్వు దొంగవా" అని వాడినే అడిగినట్టుంది మన పోస్టరు.

సంగతి తెలిశాక ఆ పిల్లను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. సైట్‌లో ఒక్క పేరా కూడా చదవకుండా, పక్కన కొత్త ట్యాబ్ తెరిపించాను. పొడి పేరును కోట్స్‌లో పెట్టి, ఆ సైట్ సొంత పేజీలు రాకుండా ఇలా వెతికించాను (example.org ఉన్నచోట అసలు సైట్ చిరునామా వేసుకోవాలి):

```
"పొడి పేరు" -site:example.org
```

వచ్చిన మొదటి లింకు మీద పిల్ల వేలు పెట్టబోయింది. ఆపాను. ముందు ఫలితాల పేజీ మొత్తం చదవమన్నాను, ఎవరు రాశారో, ఏ తరహా సైటో చూడమన్నాను. పైన ఆరు లింకులు పొడిని పొగిడేవే. తీరా చూస్తే ఆరింటిలోనూ అవే వాక్యాలు, కంపెనీ పంపిన ప్రకటననే ఎవరికి వారు వేసుకున్నారు. ఆరు చోట్ల కనిపించినా అది ఒక్క గొంతే. కిందికి వెళ్తే వినియోగదారుల ఫిర్యాదులు కనబడ్డాయి.

"క్లినికల్ ట్రయల్‌లో రుజువైంది" అని సైట్‌లో ఉంది. మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే ctri.nic.in లో వెతికితే ఆ పొడి పేరే లేదు. ఉన్నా సరిపోదు, ఎందుకంటే నమోదు అంటే పరీక్ష పెడుతున్నారని అర్థం, మందు పనిచేసిందని కాదు. ఆ సైట్‌లో పెట్టిన డాక్టరు ఫొటోను గూగుల్ లెన్స్‌లో వేస్తే, ఫొటోలు అమ్మే ఒక విదేశీ సైట్‌లో తేలింది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది.

ఇది నా సొంత తెలివి కాదు. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం వెలువరించారు. 10 మంది చరిత్రకారులకు, వార్తల్లో నిజానిజాలు తేల్చే 10 మంది ఫ్యాక్ట్ చెకర్లకు, 25 మంది విద్యార్థులకు పిల్లల వైద్యుల సంస్థలవి రెండు సైట్లు చూపించారు. ఒకటి 1930 నుంచి ఉన్న పెద్ద సంఘం. రెండోది 2002లో దాన్నుంచి చీలిన చిన్న బృందం, కానీ పేరూ హంగూ అచ్చం పెద్ద సంఘం లాంటివే. ఫ్యాక్ట్ చెకర్లందరూ తేడా కనిపెట్టారు. చరిత్రకారుల్లో సగం మందే కనిపెట్టగలిగారు. చదువు ఎక్కువైనవాళ్ళు ఆ సైట్‌లోనే ఉండి శ్రద్ధగా చదివారు. ఫ్యాక్ట్ చెకర్లు వెంటనే బయటికొచ్చి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూశారు. శ్రద్ధగా చదవమని జీవితమంతా చెప్పిన నాలాంటివాడికి ఇది మింగుడుపడని విషయమే.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. నిన్నగాక మొన్న పెట్టిన సైట్ గురించి బయట ఎవరూ రాసి ఉండరు. అప్పుడు సైట్‌ను వదిలేసి, అది చెప్పే మాటనే వెతకాలి. "పాడైన కిడ్నీ మళ్ళీ బాగవుతుందా" అని చూస్తే, దీర్ఘకాలిక జబ్బులో పోయిన శక్తి సాధారణంగా తిరిగిరాదనీ, చికిత్స జబ్బు వేగాన్ని తగ్గిస్తుందనీ వైద్య సంస్థలు చెబుతాయి. తెలుగులో వెతికితే ఫలితాలు తక్కువ, కాబట్టి అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టాలి. ఈ రెండూ పిల్లలకు చెప్పాలి, లేకపోతే ఏమీ దొరకలేదు కదా, అయితే మంచిదే అనుకుంటారు.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఆ పోస్టరు తీయించండి. కంప్యూటర్ పీరియడ్లలో నెలకు ఒకటి దీనికి ఇవ్వండి. టీచరు తెలియని సైట్ ఒకటి ఇస్తే, పిల్లలు దాన్ని చదవకుండా పక్క ట్యాబ్‌లో వెతికి, ఏం దొరికిందో, ఎవరు చెప్పారో రెండు వాక్యాలు రాస్తే చాలు. మార్కులు ఆ రెండు వాక్యాలకే వేయించండి.

తాత పదకొండో రోజున పొడి మానేశాడు. డబ్బు తిరిగి రాలేదు. మిగిలిన డబ్బా నా దగ్గరే ఉంది, మేం చూసిన పేజీల ప్రింట్లు కూడా. మీరు ఇటు తనిఖీకి వచ్చినప్పుడు కబురు పెడితే రెండూ పట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కవిటి మండలం