శిరికి, మ్యాచ్ సంగతి అడుగుతలేను గానీ

శిరి బిడ్డా,

ఎట్లున్నవ్. ఈడ అందరం బాగనే ఉన్నం. వాన మంచిగ పడ్డది, మీ నాయిన మబ్బుల పోతే మళ్ల పొద్దుమూకినంకనే పత్తిచేను కాడికెల్లి వస్తుండు. లచ్చత్త మోకాళ్ల నొప్పులని నాతోని రోజూ నూనె రాపిచ్చుకుంటున్నది. బుజ్జిగాడు నీ సైకిల్ పంచర్ చేసి గోడకు ఆనిచ్చి పెట్టిండు, నాకు తెల్వదనుకుంటుండు. ఫోన్ ఎందుకు చేస్తలేవని నేను అడగను, ఆదివారం హాస్టల్‌ల ఫోన్ కాడ ఎంత లైన్ ఉంటదో నాకు తెల్వదా, కానీ రమక్క బిడ్డ గూడ అదే లైన్ల నిలబడి వాళ్లమ్మకు చేసింది గదా. ఆ పోరి చెప్పిందట, శిరి సరిగ తింటలేదు, శనివారం మ్యాచ్ ఆడనంటున్నది అని. నేనైతే నమ్మలేదు. రమక్క ఒకటుంటే నాలుగు చెప్తది.

మీ స్పోర్ట్స్ క్లబ్బోళ్లు పెట్టిన ఫుట్‌బాల్ మ్యాచ్ పోస్టు చదివిన, ఏం తోచక చదివిన అంతే. హాఫ్ టైంకు 1-1, ఫుల్ టైంకు 1-2, మన గోల్ 19వ నిమిషం, వాళ్లది 27వ నిమిషం, ఇంకోటి 52వ నిమిషం ఓజీ అని, అంటే మన గోల్‌ల మనమే ఏసుకున్నట్టు, రాసి పక్కన నీ పేరు. దాని కింద కెప్టెన్‌కు థాంక్స్, గోల్‌కీపర్‌కు థాంక్స్, గోల్ కొట్టిన పిల్లకు థాంక్స్, పొద్దుగాల సున్నం గీతలు గీసిన పిల్లలకు గూడ థాంక్స్, అది మంచిదే, ఎవ్వరు వాళ్ల పేరు రాయరు. ఆఖరికి నెక్స్ట్ మ్యాచ్ శనివారం సాయంత్రం 4 గంటలకు. ఇంత పెద్ద పోస్టుల నీ పేరు ఒక్కటే సారి వచ్చింది, అది గూడ ఓజీ పక్కన.

నాకేం బాధ గాలేదు. పిల్లలు రాసిన పోస్టు. హాఫ్ టైం స్కోరు రాసిన్రు, నిమిషాలు గూడ రాసిన్రు, మా బళ్లె చెప్పి చెప్పి నా నోరు పోతది అయినా రాయరు. నిమిషం రాసేటప్పుడు ఒకటి సోయిల పెట్టుకో, వాచీల 51 నిమిషాలు దాటి ఇరవై సెకన్లు నడుస్తుంటే అది 52వ నిమిషమే, అయిపోయిన నిమిషాలు గాదు, నడుస్తున్న నిమిషం రాయాలె. అందుకే మ్యాచ్ మొదలుపెట్టంగనే పడ్డ గోల్ 1వ నిమిషం అయితది, సున్నా కాదు. రేపు నువ్ రాయాల్సొస్తే పనికొస్తది.

సరే, నిమిషాల ముచ్చట వచ్చింది గనక ఆ 52వ నిమిషం సంగతే చెప్త. మీ దోస్తు వాళ్ల నాయిన తీసిన వీడియో రమక్క చూపిచ్చింది, మెల్లగ తిప్పుకుంట చూసిన. వాళ్ల 10వ నంబర్ పిల్ల పెనాల్టీ డబ్బా బయటికెల్లి కొట్టింది. బాల్ నేల మీదికెల్లి మన ఎడమ పోల్ లోపలికి పోతున్నది. నువ్ అడ్డం ఉరికినవ్, నీ మోకాలికి తాకి అటు దిక్కు మళ్లింది, కీపర్ అప్పటికే ఇటు దునికింది. అయిపాయె. ఇది ఓజీ ఎట్లయితది?

దీనికి ఒక లెక్క ఉన్నది, విను. డిఫెండర్ ఆడ లేకపోతే బాల్ ఏడికి పోతుండే అని గీత గీసుకొని చూడాలె. గోల్ లోపలికే పోతుంటే, నడుమ ఎవరికి తాకి మళ్లినా ఆ గోల్ కొట్టిన పిల్లదే. పోల్ బయటికి పోయే బాల్‌ను మనోళ్లు లోపలికి మళ్లిస్తేనో, సైడుకెల్లి వచ్చిన క్రాస్‌ను ఆపబోయి మన గోల్‌లనే కొట్టుకుంటేనో, అది ఓజీ. పెద్ద పెద్ద టోర్నమెంట్లల గూడ పేరు రాసేటోళ్లు చూసేది ఇదే. రెఫరీకి దీంతోని పని లేదు, రూల్స్ పుస్తకంల గోల్ అయిందా లేదా అన్నదే ఉంటది, ఎవరి పేరున రాయాలన్నది స్కోరు రాసేటోళ్ల పని. అందుకని దాన్ని మార్చినా 1-2 మాత్రం 1-2నే ఉంటది, అది మారదు, నీకు ముందే చెప్తున్న.

ఇంకోటి గూడ చెప్పాలె. ఆ వీడియో సైడ్ లైన్ కాడికెల్లి తీసింది. సైడుకెల్లి చూస్తే బాల్ పోల్ లోపలికి పోతున్నదో బయటికి పోతున్నదో కండ్లు మోసం చేస్తయ్. నాకైతే లోపలికే అనిపిచ్చింది, కానీ తల్లిని గదా, నా మాట పట్టుకొని కొట్లాడకు. గోల్ ఎనుక బాల్ అందిచ్చే పిల్లలు నిలబడ్డరు గదా, వాళ్లనడుగు, మీ కీపర్‌ను అడుగు. వాళ్లకు నేరుగ కనబడతది. వాళ్లు గూడ లోపలికే అంటే అప్పుడు మీ సార్ కాడికి పోయి, సార్ అది 10వ నంబర్ గోల్ అని రాయాలె, నాకు తాకింది అంతే, అని నెమ్మదిగ చెప్పు. ఏడ్సుకుంట చెప్పకు. నేను ఫోన్ చేస్తే బాగుండదు, ఆయన నాకు తెలిసినాయన, పీఈటీ మేడం బిడ్డ కోసం మాట్లాడుతుంది అంటరు. ఆ 10వ నంబర్ పిల్లకు గూడ న్యాయమే, అంత దూరంకెల్లి కొట్టింది, దాని గోల్ దానికి రావద్దా.

పేరుదేమున్నది అంటవేమో. 1962ల జకార్తాల ఏషియన్ గేమ్స్ ఫైనల్‌ల మనోళ్లు సౌత్ కొరియాను 2-1తోని కొట్టిన్రు, కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్, ఆయన గూడ బడి పంతులే. ఆ రెండు గోల్స్ పక్కన పీకే బెనర్జీ, జర్నైల్ సింగ్ అనే రాసి ఉంటది ఇయ్యాల్టికి. జర్నైల్ సింగ్ అసలు నీ లెక్కనే డిఫెండర్, ఆయనను ముందట ఆడిచ్చిండు రహీం సాబ్. రాసింది ఉండిపోతది బిడ్డా, అందుకే సరిగ రాయాలంటున్న.

మా బళ్లె జరిగింది నీకు చెప్పిన్నో లేదో, నువ్ అప్పుడు చిన్నదానివి, దేవరకొండల మండలాల పోటీలకు తీస్కపోయిన పిల్లలను. మనం 1-0 ముందటున్నం, ఇంక కొద్ది సేపే ఉన్నది. మా లెఫ్ట్ బ్యాక్ పిల్ల మన గోల్ దగ్గర్నే త్రో వేయాలె. ముందటికి ఏస్తే వాళ్ల చేతుల పడుతదని భయపడి ఎనుకకు మన కీపర్‌కే ఏసింది. అరే, మనోళ్లు వేసిన త్రోను కీపర్ చేతులతోని పట్టొద్దు, పడితే వాళ్లకు ఇన్‌డైరెక్ట్ ఫ్రీ కిక్, ఇది నేను ఆ కీపర్ పిల్లకు ముందటి రోజు రాత్రే మస్తు గట్టిగ చెప్పిన. దానికి అది యాదికొచ్చింది. చేతులు ఎనుకకు తీస్కున్నది, కాలుతోని కొడదామని ఇంత ఎత్తున ఊపింది, బాల్ తగల్లే. చెప్పు కింద చీమ పోయినట్టు మెల్లగ పోయి గోల్ గీత దాటింది.

అవుతల బడి పిల్లలు గంతులు, డప్పులు. రెఫరీ సెంటర్ దిక్కు చెయ్యి చూపిచ్చిండు, గోల్ అని. మా పిల్లలు ఆడనే కూసొని ఏడుస్తున్నరు. నేను గ్రౌండ్‌ల అడుగు పెట్టలేదు, పెడితే అది వేరే లొల్లి, గీత బయటనే నిలబడి మా కెప్టెన్‌ను పిలిచి చెప్పిన, పోయి అడుగు, త్రో నేరుగ మన గోల్‌ల పడితే గోల్ కాదు, వాళ్లకు కార్నర్ కిక్. రెఫరీ నా మొకం చూసిండు, లైన్స్‌మన్ మొకం చూసిండు. అప్పుడు అవుతల సార్ ఒకటి లేపిండు, కీపర్ కాలికి తాకింది, తాకితే గోలే గదా అని. అది గూడ నిజమే, బొటనవేలికి రవ్వంత తాకినా గోలే. మళ్ల పంచాది. ఆఖరికి లైన్స్‌మన్ చెప్పిండు, తాకితే బాల్ ఇంతన్న పక్కకు మళ్లాలె, లేకపోతే దాని తిరుగుడు మారాలె, ఇది చేతికెల్లి ఎట్ల వచ్చిందో అట్లనే పోయింది అని. ఇంకా సెంటర్ కిక్ కొట్టలేదు గనక రెఫరీ మాట మార్చుకోవచ్చు, మార్చుకున్నడు. కార్నర్ ఇచ్చిండు. మేమంత చప్పట్లు కొట్టినం. ఆ కార్నర్‌కే వాళ్లు తలతోని కొట్టి గోల్ చేసిన్రు పో, 1-1. బస్సుల వచ్చేదాకా నవ్వుడే. ఆ త్రో ఏసిన పిల్ల ఇప్పుడు మన నల్లగొండల నర్సు, కనబడ్డప్పుడల్లా అదే అడుగుతది, మేడం కార్నర్ యాదికున్నదా అని.

ఎందుకు చెప్తున్ననో నాకే తెల్వదు. తింటున్నవా? మ్యాచ్ పొద్దు అన్నం కడుపు నిండ తిని ఉరకకు, మూడు గంటల ముందు తిను, తర్వాత అరటిపండు. నీళ్లు దూపైనప్పుడే గాదు, ముందుగాల్నే కొంచెం కొంచెం తాగుతుండాలె. తినకుంట ఆడితే పిక్కలు పట్టుకుంటయ్, పట్టుకుంటే సగంల బయట కూసోవెడుతరు. నువ్ ఆడవని నేను అనుకుంటలేను, ఊకె రాస్తున్న.

అగో, అసలు సంగతి మరిచిన. ముక్కుపుల్ల. జాతరల కుట్టిపిచ్చుకున్నవ్, వద్దంటే విన్నవా. మొన్న దాని మీద ప్లాస్టర్ అతికించి ఆడినవట, వీడియోల గూడ తెల్లగ కనబడుతున్నది. అట్ల నడువది. మెడల, చెవులకు, ముక్కుకు ఏదున్నా తీసెయ్యాలె, మీద టేప్ ఏస్తా అంటే రూల్ ఒప్పుకోదు. ఆ రెఫరీ ఊకున్నడు గానీ ఇంకో రెఫరీ వస్తే తీసేదాకా గ్రౌండ్‌లకు రానియ్యడు. మ్యాచ్ అయినంక వెంటనే మళ్ల పెట్టుకో, రెండు గంటలకేం కుట్టుకపోదు. దాని మర తిప్పేటప్పుడు పడిపోతది, కింద దస్తీ పరుచుకో. బంగారుది, మీ నాయినమ్మది.

ఇంకోటి, మీ పోస్టుల శనివారం 4 గంటలకు అని రాసిన్రు, 4కు మ్యాచ్ మొదలా, 4కు గ్రౌండ్‌కు రావాల్నా? రెండూ రాయాలె, వచ్చే టైం వేరే, కిక్ ఆఫ్ వేరే. ఏ రంగు జెర్సీనో గూడ రాయలే. రెండు టీములు ఒక్కటే రంగు ఏసుకొస్తే ఒకరు మీదికెల్లి బిబ్స్ ఏసుకోవాలె, ఎండకు ఉడికిపోతరు. మీ సార్‌ను అడిగి నాకు చెప్పు, ఎందుకంటే మీ నాయిన, చిన్నాయిన బస్సుకు వస్తమంటున్నరు, ఏ టైం బస్ ఎక్కాల్నో తెల్వాలె గదా. నేను గూడ వస్తనేమో, లచ్చత్తను ఎవరి కాడన్న ఉంచాలె. కారప్పూస, పల్లిపట్టీలు కట్టి పంపుతున్న, రూమ్‌ల పిల్లలకు గూడ పెట్టు, గోల్‌కీపర్‌కు రెండెక్కువ పెట్టు, ఆ పిల్ల గూడ ఆ రాత్రి పండుకోలేదట. షిన్ ప్యాడ్స్ పట్టీ తెగిందన్నవ్, కొత్తయి కొన్న, అదే సంచిల అడుగున ఉన్నయ్. కాలిగోర్లు తీస్కో. వార్డెన్ మేడంను నేను అడిగినట్టు చెప్పి శుక్రవారం రాత్రి ఒక్క నిమిషం ఫోన్ చెయ్, టైం చెప్తే సాలు.

మీ అమ్మ