కణ్ణాన కణ్ణే వద్దురా

ఒరేయ్ రవీ,

ఎంగేజ్‌మెంట్‌లో నీకు కాబోయే తమిళ పిల్లకి డెడికేట్ చేయడానికి ‘కణ్ణాన కణ్ణే’ అనుకున్నానని రాశావు. ముందు అది మానేయ్. 2019లో వచ్చిన ‘విశ్వాసం’ అనే తమిళ సినిమా పాట అది. తామరై రాసింది, సిద్ శ్రీరామ్ పాడాడు. అందులో ఒక తండ్రి, అతనే తన తండ్రని తెలియని కూతురి మీద పెంచుకున్న ప్రేమ ఆ పాట. పల్లవి మాత్రం వింటే ప్రియుడు పాడుతున్నట్టే ఉంటుంది. ‘కణ్ణే’ అంటే ‘నా కన్నా’ అన్నట్టు ముద్దు పిలుపు, పిల్లల్నీ అంటారు, ప్రియురాలినీ అంటారు. నువ్వు స్టేజీ మీద అది పెడితే వాళ్ల నాన్నగారికి కళ్లు చెమరుస్తాయి, పిల్ల నీ వంక అదోలా చూస్తుంది.

పల్లవిలో ఒక్క వాక్యం విప్పి చూపిస్తా, మిగతా పాటలకీ ఇదే పద్ధతి. ‘పుణ్ణాన నెంజై... నీవ వా’ అని వస్తుంది. మన చెవికి ‘నీవ’ అంటే ‘నీవా?’ అన్నట్టుంటుంది. కాదు, తమిళంలో అది నిమరడం. ‘నీవ వా’ అంటే నిమరడానికి రా. ‘పుణ్’ మన పుండే, అంటే గాయపడిన గుండె. ఇంగ్లిష్ అక్షరాల్లో punnaana అని చూస్తే, చిరునవ్వుకు తమిళంలో ఉన్న ‘పున్నగై’ గుర్తొచ్చి నవ్వే గుండె అనుకునే ప్రమాదం ఉంది. తమిళ లిపిలో చూస్తే ఆ తికమక రాదు, ఒకటి ణ, రెండోది న. ఇంగ్లిష్‌లో రెండూ n. ‘వలి’ అంటే నొప్పి, ‘వళి’లా వినిపించే ‘வழி’ అంటే దారి, వాటినీ ఒక్కోడు ఒక్కోలా రాస్తాడు. అందుకే లిరిక్స్ తమిళ లిపిలోనే తీసుకో, పాట వింటూ లైను లైనుకీ సరిచూసుకో.

తర్వాత నిఘంటువు. మద్రాసు యూనివర్సిటీ తమిళ లెక్సికన్ ఇంటర్నెట్‌లో ఉంది. కానీ ‘నెంజై’ అని కొడితే దొరకదు. చివరి ‘ఐ’ మన ‘ని’ లాంటిది, అది తీసేసి ‘నెంజు’ అని వెతకాలి. అలాగే ‘కైయాల్’లో ‘ఆల్’ మన ‘తో’, ‘ఇల్’ మన ‘లో’, ‘ఉక్కు’ మన ‘కు’. ఈ నాలుగు తోకలు కత్తిరించడం వస్తే సగం పని అయినట్టే. తెలిసిన మాటలా కనిపించేదాన్ని ఇంకా ఎక్కువ అనుమానించు. ‘అవసరం’ వాళ్లకి తొందర, ‘పసి’ ఆకలి.

ఇంకో చిక్కు, తెలుగులో విన్న ట్యూన్ కదా అని తమిళంలోనూ అదే భావం ఉంటుందనుకోవడం. డబ్బింగ్ పాట రాసేవాళ్లు పెదాల కదలికకీ, ట్యూనుకీ లొంగాలి, భావం ఎటైనా పోవచ్చు. మన ‘ప్రేమించే ప్రేమవా’ తమిళంలో ‘మున్బే వా’, అంటే ‘నా ముందుకు రా’.

‘వశీగరా’ కూడా రాశావుగా, 2001లో మన ‘చెలి’లో ‘మనోహరా’గా విన్నదే. అది ఆడపిల్ల మగవాణ్ని పిలిచే పాట. వశీగరన్ అంటే ఆకట్టుకునే మగాడు, చివరి ‘న్’ పోయి సంబోధన అయింది. నువ్వు తనకి పెడితే తిరగబడుతుంది. పైగా అందులో ‘ఒకే దుప్పట్లో రెండు నిద్రలు’ అన్న అర్థం వచ్చే లైను ఉంది. అత్తగారి ముందు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. మీ ఇద్దరే ఉన్నప్పుడు తను పాడితే మాత్రం అంతకన్నా మంచి పాట లేదు.

నన్నడిగితే ‘మున్బే వా’నే మేలు. వాలి రాసిన డ్యూయెట్, ఇద్దరి గొంతులూ ఉన్నాయి కాబట్టి ఎవరు ఎవరికి పెట్టినా సరిపోతుంది. సినిమాలో అది హీరోకి పెళ్లికి ముందున్న ప్రేమ పాట, ఆ జంట విడిపోతుంది. అయినా తమిళవాళ్లు ఆ కథ పట్టించుకోకుండా పెళ్లి వీడియోలకి వాడేస్తుంటారు. అయితే ఇది నా మాట, వాళ్ల ఇంట్లో చెవి వేరు కావచ్చు. తన చెల్లెల్నో, అన్ననో రహస్యంగా అడుగు. ‘బాగుందా?’ అంటే బాగుందనే అంటారు, మొహమాటం కదా. ‘ఇది ఎవరు ఎవరికి పాడతారు? వినగానే ఏం గుర్తొస్తుంది?’ అని అడుగు. నవ్వు ఆపుకుంటూ జవాబిస్తే ఆ పాట వదిలేయ్. రెండో చరణం దాకా వినిపించు, పల్లవితో ఆపకు. నువ్వు ముప్పై సెకన్లే వేసినా, తను ఇంటికెళ్లి మొత్తం వింటుంది.

డీజేకి ఫైలు నువ్వే ఇవ్వు. పేరు చెప్పి వదిలేస్తే ట్యూన్ ఒకటే కదా అని తెలుగు వెర్షన్ వేసేస్తాడు.

నీ
శీను