విచారించేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే అయినప్పుడు

ప్రియమైన మురళీ,

ఉద్యోగంలో మీ బావగారి మీద శాఖాపరమైన విచారణ జరుగుతోందని రాసిన నీ ఉత్తరం అందింది. "తప్పు పట్టిందీ వాళ్లే, చార్జిమెమో ఇచ్చిందీ వాళ్లే, రేపు శిక్ష వేసేదీ వాళ్లే. ఇక మా బావగారు అక్కడికెళ్లి చెప్పుకుని ఏం లాభం?" అని అడిగావు. కోపం రావాల్సిన విషయమే. కానీ మూడు పనులూ ఒకే సంస్థ చేతిలో ఉన్నంత మాత్రాన ఉత్తర్వు చెల్లకుండా పోదు. చట్టమే అలా ఏర్పాటు చేసి ఉంటే, కోర్టు ఆ సంస్థ లోపలికి తొంగిచూస్తుంది. ఏ పని ఏ మనిషి చేశాడన్నదే దానికి కావాలి.

దీనికి మన బస్సుల కేసే మంచి ఉదాహరణ. 1957లో కృష్ణా జిల్లా బస్సు రూట్లను జాతీయం చేస్తామని ప్రభుత్వ రవాణా శాఖ ఒక పథకం ప్రకటించింది. అభ్యంతరాలుంటే విని, ఆ తర్వాతే ప్రభుత్వం ఆమోదించాలని అప్పటి మోటారు వాహనాల చట్టం చెప్పింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు వంటి ప్రైవేటు బస్సు యజమానులు అభ్యంతరాలు పెట్టారు. వాటిని విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. ఆయన విన్నదంతా ఫైలులో పెట్టి పంపితే, ముఖ్యమంత్రి ఆమోదించారు.

సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు జస్టిస్ కోకా సుబ్బారావు రాశారు. ఆమోదం రద్దయింది. కారణాలు రెండు. పథకం పెట్టిన శాఖకే ఆ కార్యదర్శి అధిపతి, అంటే తగాదాలో ఒక పక్షమే కూర్చుని రెండో పక్షం వాదన విన్నట్టు. రెండోది, విన్నది ఒకరు, నిర్ణయించింది ఇంకొకరు. ఎదుట నిలబడి చెప్పుకున్న మాట నిర్ణయించేవాడి చెవిన పడనే లేదు.

తర్వాత జరిగింది కూడా విను. ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విని ఆమోదించారు. బస్సు యజమానులు మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1959లో ఓడిపోయారు. కార్యదర్శి శాఖలో భాగం, మంత్రి మాత్రం ఆ శాఖ పనులకు బాధ్యుడే తప్ప శాఖలో భాగం కాదని కోర్టు తేడా చెప్పింది. నాకు ఆ తేడా ఇప్పటికీ బలంగా అనిపించదు. జాతీయం చేయాలన్న విధానం మంత్రిది కాకపోతే ఇంకెవరిది? అయితే నిర్ణయించే అధికారం చట్టం ప్రభుత్వానికే ఇచ్చింది. మంత్రినీ పక్కన పెడితే నిర్ణయించడానికి ఎవరూ మిగలరు. సంస్థాగత పక్షపాతం అనే వాదన ఇలాంటి చోటే ఆగిపోతుంది.

అందుకే బావగారి ఫైలులో "ఆఫీసంతా ఒకటే" అని రాయొద్దు. మనుషుల్ని పట్టుకో. ముందు ప్రాథమిక విచారణ చేసి నివేదిక ఇచ్చిందెవరు? ఆయనే ఇప్పుడు విచారణాధికారా? ఆయన సాక్షి కూడా అయ్యాడా? ఉత్తరప్రదేశ్‌లో మహమ్మద్ నూహ్ అనే హెడ్ కానిస్టేబుల్ కేసులో, విచారణ జరుపుతున్న పోలీసు అధికారి మధ్యలో తానే సాక్ష్యం చెప్పి, మళ్లీ ఆ కుర్చీలో కూర్చుని ఉద్యోగం తీసేశాడు. అది సహజన్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది.

తర్వాత శాఖ తరఫున కేసు నడిపే ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఉన్నాడో లేడో చూడు. లేకపోవడం ఒక్కటే తప్పు కాదు. విచారణాధికారి ఏదైనా స్పష్టత కోసం ప్రశ్న అడగొచ్చు కూడా. కానీ శాఖ సాక్షుల చేత ఆరోపణ చెప్పించడం, మన సాక్షిని అడ్డప్రశ్నలు వేసి నిలదీయడం ఆయనే చేస్తుంటే, ఆయన ప్రాసిక్యూటర్ పని చేస్తున్నట్టు. 2018లో రామ్ లఖన్ శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. కాబట్టి రోజువారీ విచారణ రికార్డు కాపీలు తీసుకుని, ఏ ప్రశ్న ఎవరు వేశారో గుర్తు పెట్టుకోమను. ప్రశ్న ఎవరిదో రికార్డులో రాయకపోతే, సంతకం పెట్టేముందే ఆ మాట అందులో రాయించమను. చార్జిమెమో భాష కూడా చదవాలి. "చేసినట్టు ఆరోపణ" అనాల్సిన చోట "చేశారు, కాబట్టి శిక్షార్హులు" అని ఉంటే నిర్ణయం ముందే అయిపోయిందని వాదించడానికి పనికొస్తుంది.

చాలామంది దెబ్బతినేది ఆలస్యం వల్ల. మాణక్ లాల్ అనే వకీలు మీద విచారణ జరిపిన ట్రిబ్యునల్ అధ్యక్షుడు, అంతకుముందు ఎదుటి పక్షం తరఫున వాదించినవాడే. అందులో తప్పుందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. అయినా మాణక్ లాల్‌కు లాభం లేకపోయింది, అభ్యంతరం మొదట్లోనే చెప్పలేదు కనుక. తీర్పు ఎటు వస్తుందో చూద్దామని ఊరుకుంటే, హక్కు వదులుకున్నట్టే లెక్క.

బావగారు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అన్నావుగా, అది కలిసొస్తుంది. విచారణాధికారి పక్షపాతం చూపుతున్నాడని రాతపూర్వకంగా దరఖాస్తు పెడితే, అది తేలేదాకా విచారణ ఆపి, దాన్ని తగిన పై అధికారికి పంపాలని వాళ్లకు ఆదేశాలున్నాయి. దరఖాస్తు ఈ వారమే పెట్టించు. తేదీ, ఫలానా రోజు ఫలానా సాక్షిని అడిగిన ప్రశ్న, దానికి రికార్డు పేజీ నంబరు, ఇవి చాలు. తిట్లు వద్దు. అందినట్టు ముద్ర వేయించుకున్న కాపీ నాకూ ఒకటి పంపించు.

నీ
రఘు