మన చిరు వ్యాపారుల సంఘం, మహబూబ్‌నగర్: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలిసిందే కాబట్టి ఆ సంగతి మళ్లీ చెప్పను. ఈ ఏడాది మన సమయం ఎక్కువగా పబ్లిసిటీ కమిటీ పనికే పోయింది. సభ్యులు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకునే ఫోటోలకు క్యాప్షన్లు రాసివ్వడం ఆ కమిటీ పని. రాయడం కష్టం కాదు. ఏం రాయాలో కనుక్కోవడమే కష్టం.

మనకు వచ్చే మెసేజ్ ఎలా ఉంటుందో చూడండి: "అన్నా, జర ఒక మంచి క్యాప్షన్ కొట్టు. అర్జెంట్." అంతే. దుకాణం పేరు ఉండదు. అమ్మేది ఏమిటో, తగ్గింపు ఉందో లేదో, ఎవరు చూడాలో, ఎక్కడ పెడతారో ఏదీ ఉండదు. కొందరు ఫోటో కూడా పంపరు. పంపిన నంబరు మన దగ్గర సేవ్ అయి లేకపోతే అడిగింది చెప్పుల షాపాయనో, మెస్ నడిపే అక్కో తెలుసుకోవడానికే ఒక పూట పడుతుంది. ఒక కార్యాలయం వాళ్లు కూడా "రేపటి ప్రోగ్రాంకు క్యాప్షన్ కావాలి" అని పంపారు. ఏ ప్రోగ్రామని అడిగితే జవాబు లేదు. మన సమావేశానికి హాలు ఇవ్వమని మూడుసార్లు దరఖాస్తు పెడితే "రేపు రండి" అన్నదీ వాళ్లే.

మొదట్లో మేమే తప్పు చేశాం. అడిగితే బాగుండదని, మాకు తోచింది ఊహించి రాసేవాళ్లం. దాని ఫలితం ఒక బట్టల షాపు సభ్యునికి తగిలింది. ఆయన పంపిన ఫోటోలో గోడ మీద పాత ఫ్లెక్సీ కనబడుతోంది, దాని మీద 20 శాతం తగ్గింపు అని ఉంది. మా వాలంటీరు దాన్ని చూసి "అన్నిటిపై 20 శాతం తగ్గింపు" అని రాసిచ్చాడు. ఆయన చదవకుండానే పెట్టేశారు. అది ఎప్పుడో ఉగాదికి పెట్టిన ఆఫర్. జనం ఫోన్ చూపించి అడుగుతుంటే మాట పోతుందని రెండు రోజులు తగ్గించి అమ్మారు. తర్వాత నాకు ఫోన్ చేసి ఏమన్నారో ఇక్కడ రాయలేను. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. అప్పటి నుంచి ధర, తగ్గింపు, తేదీ, ఫోన్ నంబరు ఈ నాలుగూ సభ్యుడు నోటితో చెబితే తప్ప రాయకూడదని కమిటీలో తీర్మానించాం. తెలియని చోట గీత గీసి ఖాళీ ఉంచి పంపుతున్నాం. ఒకరు ఆ గీతలతో సహా, "ధర ____ మాత్రమే" అని, అలాగే పెట్టేశారు. అయినా తప్పు ధర కంటే అదే నయం.

ఇక మేం గర్వంగా చెప్పుకునే పని బతుకమ్మ ముందు జరిగింది. గద్వాల చీరలు అమ్మే ఒక సభ్యురాలు రాత్రి 11 గంటలకు ఒక చీర ఫోటో పంపి క్యాప్షన్ అడిగారు. "అందం మీది, అలంకరణ మాది" అని రాసిచ్చాం. వినడానికి బాగానే ఉంది కానీ ఆ మాట గాజుల షాపుకూ అతుకుతుంది, బ్యూటీ పార్లర్‌కూ అతుకుతుంది. ఆమె స్టేటస్ పెట్టగానే "ఎంత?", "పట్టా, కాటనా?", "షాపు ఎప్పటిదాకా ఉంటది?" అని మెసేజ్‌లు. గిరాకీ మధ్యలో ఒక్కొక్కరికి జవాబు ఇచ్చేసరికి 24 గంటలు గడిచి స్టేటస్ పోయింది. క్యాప్షన్‌లో ఏం లేదో ఆ ప్రశ్నలే చెప్పాయి.

రెండోసారి ఆమె అడిగినప్పుడు ప్రశ్నల పట్టిక పంపలేదు. ఐదు ప్రశ్నలు పంపితే ఎవరూ జవాబివ్వరని అప్పటికే తెలిసింది. మొదట ఒక్కటే అడిగాం: ఇది చూసినవాళ్లు ఏం చేయాలి? "షాపుకు రావాలె. ఫోన్ల ధర చెప్తే బేరానికి దిగుతరు" అన్నారు. ఎవరు రావాలంటే "అందరూ" అన్నారు. అందరూ అంటే రాయడానికి ఏమీ దొరకదు. అందుకని నిన్న చీర కొన్న ఆఖరి ముగ్గురు ఎవరని అడిగాం. ఇద్దరు టీచరమ్మలు, ఒకరు బ్యాంకులో పనిచేసే ఆమె. మరి ఆఫర్ ఉందా అంటే లేదు, కొత్త సరుకు వచ్చింది అంతే. ఈ నాలుగు ముక్కలకు పది నిమిషాలు పట్టింది. అప్పుడు ఇలా రాశాం:

"గద్వాల నుంచి 40 కొత్త చీరలు నిన్ననే దిగాయి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ₹6,500 నుంచి. డ్యూటీ అయ్యాక వచ్చేవాళ్ల కోసం సద్దుల బతుకమ్మ దాకా రాత్రి 9 వరకు తెరిచి ఉంటాం."

ధర వేయడానికి ఆమె మొదట ఒప్పుకోలేదు. "నుంచి" అని పెడితే బేరం షాపులోనే జరుగుతుందని, అంత పెట్టలేనివాళ్లు మెసేజ్ చేయరని చెబితే సరే అన్నారు. ఈసారి మెసేజ్‌లు తగ్గాయి, సాయంత్రం మనుషులు వచ్చారు. పండగ దగ్గర పడింది కాబట్టి క్యాప్షన్ ఒక్కటే పని చేసిందని నేననను. కానీ ఆమె జవాబులు టైపు చేస్తూ కూర్చోలేదు.

అదే క్యాప్షన్‌ను ఆమె కొడుకు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టబోతే ఆపాం. స్టేటస్ చూసేది ఆమె నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు, అదీ ఆమె ఫోన్లో వాళ్ల నంబరు కూడా ఉంటేనే. వాళ్లకు షాపు తెలుసు, ఊరి పేరు అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసేవాళ్లలో షాపు మొహం ఎరగనివాళ్లూ ఉంటారు. మొదటి ఒకటి రెండు వరుసలే కనబడి మిగతాది దాగిపోతుంది, క్యాప్షన్‌లో పెట్టిన లింకు నొక్కితే తెరుచుకోదు. అందుకే అక్కడ "మహబూబ్‌నగర్‌లో గద్వాల చీరలు, ₹6,500 నుంచి" అన్నది మొదటి వరుసగా వేసి, షాపుకు దారి గుర్తు, ఫోన్ నంబరు దాని కింద పెట్టాం. ఎక్కడ పెడతారో చెప్పండి అని మేం ఎందుకు ప్రాణం తీస్తామో ఇప్పుడైనా అర్థమై ఉంటుంది.

ఆగస్టులో ఇదే విషయం మీద ఒక పూట శిక్షణ పెట్టాం. హాలు దొరకక ఒక సభ్యుని గోదాములో, బియ్యం బస్తాల మధ్య కూర్చున్నాం. చోటిచ్చిన ఆయనకు, చాయ్ పోసి డబ్బులు తీసుకోని హోటల్ అన్నకు, మైకు సెట్ ఇచ్చిన టెంట్ హౌస్ వారికి, టైపింగ్ చేసిన డిగ్రీ విద్యార్థినులు ఇద్దరికీ సంఘం తరఫున ధన్యవాదాలు. వాలంటీర్లుగా పేర్లిచ్చిన వారు ఏడుగురు, ఆ రోజు వచ్చినవారు ఇద్దరు. మిగతా ఐదుగురు గ్రూపులో బొటనవేలు గుర్తు మాత్రం తప్పకుండా పెడతారు.

జమాఖర్చులు చివరి పేజీలో ఉన్నాయి, కోశాధికారి చదువుతారు. నిల్వ ₹3,140. చందా బాకీలు ఎవరివో వారికి తెలుసు.

రాబోయే ఏడాదికి ఒక ప్రతిపాదన పెడుతున్నాను. క్యాప్షన్ అడిగేవారు టైపు చేయకుండా అర నిమిషం వాయిస్ మెసేజ్ పంపాలి. మాట్లాడేటప్పుడు మనవాళ్లు దుకాణం పేరు, సరుకు వాళ్లంతట వాళ్లే చెప్పేస్తారు, అడగాల్సిన పని ఉండదు. సభ్యులు చేతులెత్తి ఆమోదించాలని కోరుతున్నాను.

మరొక్క మాట. పోయిన వారం ఒక నంబరు నుంచి "సారు, నిన్నటిదే, కానీ ఇంకా జర మంచిగ" అని వచ్చింది. నిన్న మేం ఎవరికీ ఏమీ రాయలేదు. పంపినవారు ఈ సమావేశంలో ఉంటే దయచేసి చెయ్యెత్తండి.

కార్యదర్శి