కప్పగంతుల ఫొటో చూసి రాస్తున్న లేఖ

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం మీ పత్రిక సిటీ పేజీలో వేసవి శిక్షణ శిబిరాల గురించి పెద్ద వార్త వేశారు. పక్కనే ఫొటో. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు వరుసగా సిమెంటు నేల మీద కప్పగంతులు వేస్తున్నారు. ‘నొప్పిని ఓర్చుకుంటేనే ఆటగాడు తయారవుతాడు’ అని కోచ్ ఒకరు చెప్పిన మాటను పెద్ద అక్షరాల్లో అచ్చేశారు. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను. కోపంలో రాయడం ఎందుకని ఆగాను. పది రోజులైనా ఆ కోపం తగ్గలేదు.

నేను రిటైరైన పీఈటీని. ముప్పై ఏళ్లు పిల్లల చేత కప్పగంతులు, బాతు నడకలు చేయించినవాడినే. ఆలస్యంగా వస్తే గుంజీళ్లు తీయించాను. అది తప్పని పోయినేడాది మా మనవడి మోకాలు చూశాక తెలిసింది. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

వాడికి అప్పుడు పదమూడేళ్లు. బ్యాడ్మింటన్ ఆడతాడు. మామూలు రోజుల్లో వారానికి తొమ్మిది గంటల ఆట. ఏప్రిల్‌లో సెలవులు ఇవ్వగానే అకాడమీ వాళ్లు పొద్దున, సాయంత్రం రెండు పూటలా రమ్మన్నారు. ఒక్క వారంలో తొమ్మిది గంటలు కాస్తా ఇరవై అయింది. పైగా జంప్ స్మాష్‌లు, స్కిప్పింగ్, కప్పగంతులు. పది రోజులకే వాడు మెట్లు పక్కకు తిరిగి దిగడం మొదలుపెట్టాడు. నేల మీద కూర్చుని అన్నం తినేవాడు కుర్చీ కావాలన్నాడు. మోకాలి చిప్పకు రెండు వేళ్ల కింద, ముందువైపు చిన్న బుడిపె లేచింది. వేలితో నొక్కితే ‘తాతయ్యా, ముట్టుకోకు’ అని కాలు లాక్కున్నాడు.

దీన్ని డాక్టర్లు ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. 1903లోనే వర్ణించిన సమస్య ఇది, కొత్తదేమీ కాదు. తొడ ముందు కండరం చిప్ప మీదుగా దిగి ఆ బుడిపె దగ్గరే ముంగాలి ఎముకకు అతుక్కుంటుంది. ఎదిగే పిల్లల్లో ఆ అతుకు చోట ఎముక ఇంకా గట్టిపడదు. పిల్లవాడు ఒక్కసారిగా పొడుగయ్యేటప్పుడు ఎముక ముందు సాగుతుంది, కండరం బిగుసుకుపోతుంది. అప్పుడు ఎగిరిన ప్రతిసారీ, ఎగిరి దిగిన ప్రతిసారీ ఆ మెత్తటి చోటు మీదే లాగుడు పడుతుంది. మా ఇంట్లో గుమ్మం మీద పెన్సిల్‌తో వాడి ఎత్తు గీతలు పెట్టడం అలవాటు. వెళ్లి చూస్తే జనవరి నుంచి మార్చి వరకే మూడు సెంటీమీటర్లు పెరిగాడు. వాడి శరీరం అంత వేగంగా పెరుగుతున్న నెలల్లోనే ఆట రెండింతలు చేశాం.

కోచ్‌ను అడిగితే ‘ఎదిగే పిల్లలకు మామూలే సార్, టెన్షన్ పడకండి’ అని అదే రోజు స్కిప్పింగ్ చేయించారు. ఒక ఆసుపత్రిలో చూపిస్తే మూడు నెలలు కాలు కదపొద్దన్నారు. రెండూ తప్పే. నొప్పి మీద ఎగిరిస్తే ముదురుతుంది. పూర్తిగా పడుకోబెడితే తొడ కండరం సన్నబడి, లేచి ఆడిన మొదటి వారంలోనే నొప్పి తిరగబెడుతుంది. చేయాల్సింది మోతాదు మార్చడం.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు దారి చూపారు. మొదటి నాలుగు వారాలు ఎగరడం, కప్పగంతులు, మోకాళ్ల మీద కూర్చోవడం బంద్. కోర్టుకు మాత్రం వారానికి నాలుగు రోజులు వెళ్లాలి. ముప్పావు గంట సర్వీస్, నెట్ షాట్లు, నిలబడి కొట్టే షాట్లు. ఇంటి దగ్గర గోడకుర్చీ. అయితే మేం స్కూల్లో శిక్షగా వేయించినంత కిందికి కాదు, సగం వరకే వంగి ముప్పై సెకన్లు, ఐదుసార్లు. నొప్పికి పదికి ఎన్ని మార్కులో వాడినే వేయమన్నారు. ఆడేటప్పుడు మూడు దాటకూడదు. మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పుడు ముందు రోజుకంటే ఎక్కువ ఉండకూడదు. ఎక్కువ ఉంటే ఆ రోజు ఆట సగానికి తగ్గించాలి. ఆ మర్నాటి పరీక్షే మాకు బాగా పనికొచ్చింది. ఆడుతున్నంతసేపూ ఒళ్లు వేడి మీద పిల్లలకు నొప్పి సరిగా తెలియదు.

ఐదో వారం నుంచి ఒక కాలు ముందుకు వేసి సగం వరకే వంగే లంజ్‌లు, తొమ్మిదో వారంలో రోజు విడిచి రోజు ఇరవై జంప్‌లు. జంప్‌లు పెంచిన వారం ఆట గంటలు పెంచలేదు, గంటలు పెంచిన వారం జంప్‌లు పెంచలేదు. మధ్యలో ఒక పెళ్లికి వెళ్లి బరాత్‌లో రెండు గంటలు ఎగిరొచ్చాడు. ఆ ఒక్క రాత్రికి రెండు వారాలు వెనక్కి పోయాం. పన్నెండు వారాలకు వాడు ఇంకా పోటీలకు సిద్ధం కాలేదు. పూర్తి మ్యాచ్ ఆడేసరికి డిసెంబరు వచ్చింది. బుడిపె ఇప్పటికీ ఉంది. అది ఉండిపోవచ్చు, నొప్పి లేకపోతే దానివల్ల ఇబ్బంది లేదు.

ఇంకా చిన్నపిల్లల్లో, ఎనిమిది నుంచి పదమూడేళ్ల వాళ్లకు ఇదే లాగుడు మడమ వెనుక వస్తుంది. పిక్క కండరం అక్కడ అతుక్కుంటుంది. మడమను రెండు పక్కల నుంచి అరచేతులతో నొక్కితే పిల్లవాడు అరుస్తాడు, మునివేళ్ల మీద నడుస్తాడు. అలాంటి పిల్లవాణ్ణి పలచని కాన్వాస్ బూట్లతో సిమెంటు మీద పరుగెత్తించకూడదు. బూటులో మెత్తటి మడమ ప్యాడ్ పెట్టి, పరుగు తగ్గించి, మోకాలికి చెప్పిన లెక్కే దీనికీ పాటించాలి.

అన్ని నొప్పులనూ ఎదుగుదల కింద జమకట్టమని నేననడం లేదు. రాత్రి నిద్రలో లేపే నొప్పి, జ్వరం, తుంటి దగ్గర పట్టేసినట్టుండి కుంటడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి. తుంటిలో తేడా వచ్చినా పిల్లలు మోకాలే చూపిస్తారు. ఎగిరినప్పుడు టప్‌మని శబ్దం వచ్చి కాలు చాపలేకపోతే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ నగరంలో ఒక పిల్లవాడు స్కూల్లో పీఈటీ దగ్గర, అకాడమీలో కోచ్ దగ్గర, ఆదివారం టోర్నమెంటులో ఆడతాడు. ఆ మూడింటినీ కలిపి లెక్కేసేవాళ్లు ఎవరూ లేరు. అండర్-16 క్రికెట్లో వయసు తేల్చడానికి మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు. అదే పిల్లవాడు ఈ నెల ఎంత పెరిగాడో గోడకు నిలబెట్టి కొలవడానికి టేపు చాలు, ఆ పని మాత్రం జరగదు. స్టేడియాల్లో ఫీజు బోర్డు ఉంటుంది, నియమాల బోర్డు ఉంటుంది. పిల్లల ఎత్తు రాసే రిజిస్టర్ నాకెక్కడా కనిపించలేదు. సిమెంటు మీద పలచని మ్యాట్ పరిచి కోర్టు అని రిబ్బన్ కత్తిరిస్తారు. పీఈటీలనేమో ఎలక్షన్ డ్యూటీలకూ పరీక్షల డ్యూటీలకూ తిప్పుతారు. నా సర్వీసులో పిల్లల మోకాళ్ల గురించి ఒక్క శిక్షణా ఇవ్వలేదు. ఇచ్చుంటే ఎంతమంది పిల్లలకు నా వల్ల నొప్పి తప్పేదో అని ఇప్పుడు రాత్రుళ్లు గుర్తొస్తుంటుంది.

శిబిరాలు ఇంకా నడుస్తున్నాయి. మీ విలేకరిని దయచేసి అదే మైదానానికి మళ్లీ పంపండి. ఆ కోచ్ గారిని రెండు ప్రశ్నలు అడగమనండి. ఫొటోలో ముందు వరుసలో ఉన్న ఆ పొడుగు పిల్లవాడు ఈ మూడు నెలల్లో ఎన్ని సెంటీమీటర్లు పెరిగాడు? నిన్న వాడి చేత ఎన్ని గంతులు వేయించారు?

ఇట్లు,
ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు,
సరూర్‌నగర్, హైదరాబాద్