ఫ్లష్ వాల్వ్ బిగించే ముందు ప్రెషర్ చూడండి

సంపాదకులకు నమస్కారం.

పబ్లిక్ టాయిలెట్లను ఎక్కడ బాగుచేసినా ఈ మధ్య రెండు వస్తువులు తప్పకుండా కనిపిస్తున్నాయి. ఒకటి, ట్యాంకు లేకుండా గోడలోంచి నేరుగా కమోడ్‌కి నీళ్లు వదిలే ఫ్లష్ వాల్వ్. రెండోది, నీళ్లే అక్కర్లేని యూరినల్. రెండూ మంచి వస్తువులే. నేను ప్లంబింగ్ పనిలో ఉన్నవాణ్ణి, రెండూ చాలాచోట్ల బిగించాను. అయినా కొత్త టైల్స్ మెరుస్తుండగానే, తెరిచిన రెండు మూడు నెలలకే కంపు కొట్టే టాయిలెట్లను చూస్తే బాధగా ఉంటుంది. తప్పు వస్తువుది కాదు. వెనకున్న పైపును, తర్వాత చేయాల్సిన పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోకపోవడం వల్ల వస్తున్న కష్టం ఇది.

ముందు ఫ్లష్ వాల్వ్ సంగతి. పాత ఫ్లష్ ట్యాంకు తీరిగ్గా ఒకటి రెండు నిమిషాల్లో నిండుతుంది. సన్నని పైపు వచ్చినా దానికి సరిపోతుంది. ఫ్లష్ వాల్వ్‌కి ఆ తీరిక లేదు. ఆరు లీటర్ల నీటిని దాదాపు నాలుగు సెకన్లలో వదలాలి. అంటే ఆ నాలుగు సెకన్లూ నిమిషానికి 90, 95 లీటర్ల వేగంతో నీరు రావాలి. మామూలు రకం వాల్వ్‌కి నీరు పారుతున్నప్పుడు కూడా చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 కేజీల ప్రెషర్ ఉండాలి. నీటి మట్టం ప్రతి పది మీటర్ల ఎత్తుకీ ఒక కేజీ ప్రెషర్ ఇస్తుంది. వాల్వ్ కన్నా నాలుగు మీటర్ల ఎత్తులో ఉన్న ఓవర్‌హెడ్ ట్యాంకు ఇచ్చేది 0.4 కేజీ మాత్రమే. అవసరంలో నాలుగో వంతు కూడా కాదు.

ఈ మధ్య నన్ను చూడమని పిలిచిన ఒక టాయిలెట్‌లో సరిగ్గా ఇదే జరిగింది. ఆరు కమోడ్‌లు, నాలుగు యూరినల్స్. ఫ్లష్ ట్యాంకులు పీకేసి, వాటికి వేసిన పాత అంగుళం పైపు మీదే ఆరు ఫ్లష్ వాల్వ్‌లు బిగించారు. ట్యాంకు నాలుగు మీటర్ల ఎత్తులోనే ఉంది. ఒక్కరు నొక్కితే నీరు కాస్త వచ్చేది కానీ కమోడ్ శుభ్రమయ్యేది కాదు. ఇద్దరు ఒకేసారి నొక్కితే మొదటి వాల్వ్ మూసుకోకుండా కారుతూనే ఉండేది. వాల్వ్‌లు నాసిరకమని అందరూ అనుకున్నారు. మూడుసార్లు మార్చారట కూడా.

అది ఎందుకు మూసుకోదో చెప్పాలి. వాల్వ్ లోపల డయాఫ్రం అనే రబ్బరు పొర ఉంటుంది. దానికి ఒక సన్నని రంధ్రం. నొక్కగానే పొర పైన ఉన్న నీరు పోయి, పొర లేచి, దారి తెరుచుకుంటుంది. తర్వాత ఆ రంధ్రంలోంచి నీరు మెల్లగా పైకి చేరి, ప్రెషర్‌తో పొరను కిందికి నొక్కి మూస్తుంది. పక్క వాల్వ్ తెరుచుకుని లైన్లో ప్రెషర్ పడిపోతే పొరను నొక్కే బలం చాలదు, నీరు ఆగదు. రంధ్రంలో ఇసుక రేణువో టెఫ్లాన్ టేపు ముక్కో ఇరుక్కున్నా ఇలాగే కారుతుంది. ఈ రెండింటినీ వేరుచేసి తెలుసుకోవడం కష్టం కాదు. ఒక్క వాల్వే ఎప్పుడూ కారుతుంటే చెత్త. పక్కది నొక్కినప్పుడే కారుతుంటే ప్రెషర్. అందుకే కొత్త లైన్ వేశాక నీళ్లు బాగా వదిలి కడిగిన తర్వాతే డయాఫ్రం పెట్టాలి.

ఆ ఆరు కమోడ్‌లకు లెక్క వేస్తే, రద్దీ సమయంలో ఇద్దరు ఒకేసారి నొక్కుతారని అనుకోవాలి. అంటే నిమిషానికి సుమారు 200 లీటర్లు. అంగుళం పైపులో అంత నీరు పోవాలంటే సెకనుకు దాదాపు ఏడు మీటర్ల వేగం కావాలి. పది మీటర్ల పైపు దాటేసరికే 18, 20 మీటర్ల ఎత్తు ఇచ్చేంత ప్రెషర్ ఖర్చయిపోతుంది. అదే నీరు రెండంగుళాల పైపులో అయితే వేగం సెకనుకు రెండు మీటర్ల లోపే, ప్రెషర్ నష్టం అరమీటరు ఎత్తుకు కాస్త పైన. పైపు వ్యాసం రెట్టింపు చేస్తే నష్టం సుమారు ముప్పైరెండో వంతుకు పడిపోతుంది. కాబట్టి మెయిన్ లైన్ రెండంగుళాలు, ఒక్కో కమోడ్‌కి వచ్చే కొమ్మ అంగుళం ఉండాలి. పైపు మార్చినంత మాత్రాన ట్యాంకు ఎత్తు పెరగదు కనుక, ప్రెషర్ పంపు, దానితో పాటు ప్రెషర్‌తో నీటిని నిల్వ ఉంచే ప్రెషర్ వెసెల్ కూడా కావాలి. తక్కువ ప్రెషర్‌కి తయారైన వాల్వ్‌లూ ఉన్నాయి. అయితే వాటికి ఇంకా పెద్ద కొమ్మ పైపు కావాలి, తయారీదారు ఇచ్చిన షీట్ చదివి తీరాలి. కరెంటు నమ్మకం లేని చోట అయితే ఫ్లష్ ట్యాంకులే మేలని నా అభిప్రాయం. అందులో చిన్నతనం ఏమీ లేదు.

బిగించే ముందు చేయాల్సిన పరీక్ష ఒక్కటే. లైన్లో చివర ఉన్న పాయింటుకి ప్రెషర్ కొలిచే గేజ్ పెట్టి, మరో రెండు పాయింట్లు పూర్తిగా తెరిచి, అప్పుడు ప్రెషర్ చదవాలి. అన్నీ మూసి ఉన్నప్పుడు చదివిన అంకెతో ఉపయోగం లేదు.

ఇక నీళ్లు లేని యూరినల్. దాని అడుగున ఉండే, తీసి మార్చుకునే కార్ట్రిడ్జ్ అనే డబ్బాలో నూనె లాంటి ద్రవం ఒక పొరగా తేలుతుంది. మూత్రం దాని కిందికి దిగి పోతుంది, వాసన పైకి రాదు. నూనె లేకుండా రబ్బరు మూతతో పనిచేసే రకాలూ ఉన్నాయి. ఎక్కువగా వాడే నూనె రకం కార్ట్రిడ్జ్ ఒకటి దాదాపు 7,000 సార్లు వాడేవరకు పనిచేస్తుంది. నేను చూసిన చోట మూడు నెలలకోసారి మార్చాలని కాంట్రాక్టులో రాశారు. అక్కడ రోజుకు 1,200 మంది వాడతారు, అంటే ఒక్కో యూరినల్‌కి 300. ఏడు వేలు 23 రోజులకే పూర్తవుతాయి. మిగిలిన రెండు నెలలకు పైగా ఆ కంపును ప్రజలు, శుభ్రం చేసేవాళ్లు భరించారు. మూత్రం దిగడం నెమ్మదించిందంటేనే కార్ట్రిడ్జ్ పని అయిపోయిందని అర్థం. వాసన కోసం ఎదురుచూడనక్కర్లేదు.

శుభ్రం చేసేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు. అలవాటు ప్రకారం రోజూ బకెట్ నీళ్లు గుమ్మరించారు. ఆ ధారకి నూనె పొర కొట్టుకుపోయింది. వీటిని స్ప్రే కొట్టి గుడ్డతో తుడవాలి, అంతే. యాసిడ్, బ్లీచింగ్ వాడకూడదు. మూత్రంతో బ్లీచింగ్ కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది, ఆ పని చేసే మనిషికే ప్రమాదం. నీళ్లు గుమ్మరించాల్సింది కార్ట్రిడ్జ్ తీసినప్పుడు మాత్రమే. అప్పుడు లోపలి పైపును బ్రష్‌తో రుద్ది, ఒక బకెట్ నీళ్లు పోసి, కొత్తది పెట్టి, ముందు దాన్ని నీటితో నింపి, ఆ తర్వాత నూనె పోయాలి.

నీళ్లు పారని పైపులో మూత్రంలోని లవణాలు గట్టిపడి పేరుకుంటాయి. దానికి మంచి విరుగుడు, చేతులు కడిగే బేసిన్ల నీటిని యూరినల్ లైన్‌కి ఎగువన కలపడం. ప్రతి మనిషీ చేతులు కడిగినప్పుడల్లా ఆ లైన్ కూడా కడుగుతుంది. పైపు వాలు మీటరుకు 20 మిల్లీమీటర్లు ఉండాలి. రాగి పైపు వాడకూడదు, మూత్రం దాన్ని తినేస్తుంది.

టెండర్లు రాసే అధికారులను మీ పత్రిక ద్వారా నేను అడిగేది మూడు మాటలు. నీరు పారుతున్నప్పటి ప్రెషర్ కొలిచిన కాగితం లేకుండా ఫ్లష్ వాల్వ్‌లకు అనుమతి ఇవ్వొద్దు. కార్ట్రిడ్జ్ మార్పును నెలల్లో కాకుండా వాడిన సార్లలో రాయండి. నీళ్లు లేని యూరినల్ వెనక గోడలో కూడా ఒక నీటి పైపు వేసి మూతపెట్టి ఉంచండి. కార్ట్రిడ్జ్‌లు సమయానికి అందని రోజు వస్తే, టైల్స్ పగలగొట్టకుండా మామూలు ఫ్లష్ యూరినల్ బిగించుకోవచ్చు.

ఇట్లు
ఒక ప్లంబింగ్ సూపర్‌వైజర్